ఖో-ఖోను ఫోన్ ఆటగా చేస్తున్నా: జాయ్‌స్టిక్ లేకుండా కంట్రోల్స్ ఎలా పెట్టాలి?

బాపట్ల_శివ

అందరికీ నమస్కారం. గోడాట్‌లో ఖో-ఖో ఆట కడుతున్నాను, ఆండ్రాయిడ్ కోసం. పై నుంచి చూసే కెమెరా, ఫోన్ అడ్డంగా పట్టుకుని ఆడాలి. కోర్టు 27 మీటర్లు, 16 మీటర్లు. అటు ఇటు రెండు పోల్స్, మధ్య గీత మీద ఎనిమిది మంది కూర్చున్నారు, తొమ్మిదోవాడు తరుముతున్నాడు, ముగ్గురు రన్నర్లు. ఇంతవరకూ బాగానే ఉంది.

తంటా అంతా చేతి దగ్గరే. ఎడమవైపు జాయ్‌స్టిక్, కుడివైపు ఖో బటన్ పెట్టాను. వీధిలో పిల్లలకి ఇచ్చి చూస్తే రెండు ఫిర్యాదులు. ఒకటి, జాయ్‌స్టిక్ వెనక్కి లాగితే ఛేజర్ వెనక్కి రాడు, మధ్య గీత వైపు నెడితే దాటడు. అవి ఆట నియమాలు, కానీ పిల్లలకు మాత్రం ఆట పాడైనట్టు అనిపిస్తోంది. రెండు, ఖో నొక్కిన దానికీ ఆటలో ఖో పడేదానికీ పొంతన ఉండటం లేదు. కూర్చున్నవాడి వెనకే ఉన్నప్పుడు నొక్కినా ఒక్కోసారి పడదు.

నియమాలు వదిలేసి ఎటైనా పరిగెత్తనిస్తే మామూలు పట్టుకునే ఆట అయిపోతుంది. వదలకుండా కంట్రోల్స్ తేలిక చేసే దారి ఉందా?

కరీంనగర్_కిట్టు

అన్నా, జాయ్‌స్టిక్ తీసెయ్యకు. ఫోన్ల ఆడే పోరగాళ్లకు అందరికీ గదే అలవాటు. టీవీల ఖో-ఖో లీగ్ చూసినవా? 2022ల అల్టిమేట్ ఖో ఖో వచ్చినప్పుడు వజీర్ అని ఒకన్ని పెట్టిండ్రు, వాడు ఎటంటే అటు తిరగొచ్చు. అందరినీ వజీర్లు చెయ్. లొల్లి ఖతం. మన తెలుగు యోధాస్ ఆ ఏడు ఫైనల్ల ఒక్క పాయింటుతోని ఓడింది, ఇప్పటికీ కడుపు మండుతది.

ఇంకోటి, అసలు ఆటల ఛేజర్ ఒక్కసారి దిక్కు పట్టినంక మళ్లా మారనే మారడు. పోల్ దాటినా అంతే. గా నియమం నువ్వు సరిగ్గ పెట్టినవా లేదా చూస్కో.

సత్యం_మాస్టారు

కిట్టు బాబూ, సగం నిజం చెప్పావు. మధ్యలో దిక్కు మార్చకూడదు, అది సరే. కానీ పోల్ గీత దాటి చివర ఉన్న ఫ్రీ జోన్‌లోకి వెళ్లాక ఛేజర్ ఎటైనా తిరగవచ్చు. పోల్ చుట్టి రెండో పక్కకి వెళ్లేదీ అక్కడే. అది లేకపోతే పోల్ దగ్గర ఆటే లేదు. అందరినీ వజీర్లు చేస్తే ఖో అన్న మాటకి పనేముంది? ఛేజర్ గీత దాటలేడు, వెనక్కి తిరగలేడు. అందుకే పక్కవాణ్ణి లేపుతాడు.

నేను బడిలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. ఫోన్ ఆటల సంగతి నాకు తెలియదు. నియమాల విషయంలో అడిగితే చెబుతాను.

రాయచోటి_రఫీ

శివన్నా, నేను నేల-బండ ఆటను ఇట్లే ఫోనుకు చేసినా. దాంట్లో బండ మీదికి ఎక్కేదానికి ఒక బటను, దిగేదానికి ఒక బటను పెట్టినా. జనాలు రెండు బటన్లూ కలిపి కొట్టేవాళ్లు. కడాకు ఒకే బటను చేసినా, బండ దగ్గరుంటే ఎక్కుతాడు, పైనుంటే దిగుతాడు. నీ ఆటలో కూడా బటన్లు తగ్గించి చూడు. ఖో-ఖో నేను ఎక్కువ ఆడలేదు, అంతకన్నా చెప్పలేను.

రమణమ్మ_పోల్‌డైవ్

జిల్లా జట్టుకి ఆడాను, ఇప్పుడు యాప్‌లు రాసే ఉద్యోగం. ఈ రెండూ ఒకేచోట పనికొస్తాయని ఎప్పుడూ అనుకోలేదు!

శివా, మీరు నియమాల్ని గోడల్లాగా పెట్టారు, అందుకే పిల్లలకి గుద్దుకున్నట్టుంది. ఛేజర్ చేతిలో అసలు ఎన్ని నిర్ణయాలుంటాయో లెక్కపెట్టండి. వెనక్కి వెళ్లడు, గీత దాటడు, కాబట్టి ముందుకు పరిగెత్తడం అనేది నిర్ణయమే కాదు. అది ఆటే చేసుకుపోవాలి. మిగిలినవి మూడు: గీతకి దగ్గరగా ఉండాలా దూరంగా పోవాలా, ఎవరికి ఖో ఇవ్వాలి, లేచినవాడు ఎటు తిరగాలి. జాయ్‌స్టిక్ ఈ మూడింటిలో ఒక్కదానికీ సరిపోదు.

ఎవరికి ఖో ఇవ్వాలన్నది మీరనుకున్నంత పెద్ద ప్రశ్న కాదు. పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఎదురెదురు దిక్కులకి చూస్తుంటారు కదా. ఖో వెనక నుంచే ఇవ్వాలి. అంటే మీ ఛేజర్ పై పక్కన ఉంటే, వీపు పైకి ఉన్న నలుగురికే ఇవ్వగలడు. ఎడమ నుంచి 1 నుంచి 8 దాకా లెక్కేసి, బేసి సంఖ్యలవాళ్లు పైకి చూస్తున్నారనుకుందాం. పై పక్క నుంచి ఎప్పుడూ 2, 4, 6, 8కే ఖో. కింద నుంచి 1, 3, 5, 7కే. ఖో ఇచ్చినవాడు లేచినవాడి చోటే, అదే దిక్కుకి కూర్చుంటాడు కాబట్టి ఈ లెక్క ఆట మొత్తంలో చెడదు. ఖో పడ్డ ప్రతిసారీ తరిమేవాడు అవతలి పక్కకి మారతాడు.

అందువల్ల ఆటగాడు మనిషిని ఎంచుకోనక్కర్లేదు, ఎప్పుడు నొక్కాలో ఎంచుకుంటే చాలు. ఆ క్షణానికి అందేవాడు ఒక్కడే ఉంటాడు.

బాపట్ల_శివ

రమణమ్మ గారూ, ఇది నాకు తట్టలేదు. ఇప్పుడు నా కోడ్‌లో దగ్గరున్నవాడిని వెతికి, తర్వాత దిక్కు సరిచూస్తున్నాను. దగ్గరున్నవాడు మన వైపు చూస్తుంటే ఖో పడకుండా ఊరుకుంటోంది. నొక్కినా పడట్లేదన్న ఫిర్యాదులో కొంత ఇదే అనుకుంటా.

కానీ సమయం సంగతి? కూర్చునే చదరానికీ చదరానికీ మధ్య రెండున్నర మీటర్ల పైనే ఉంది. ఒకే దిక్కుకి చూసేవాళ్లు కాబట్టి ఒకణ్ణి వదిలితే తర్వాతివాడికి ఇంచుమించు 5 మీటర్లు. నా ఛేజర్ వేగం సెకనుకి 6 మీటర్లు. ఒక అవకాశం పోతే సెకనులో ఎనిమిదో తొమ్మిదో పదో వంతుల తర్వాతే ఇంకోటి. అది బానే ఉంది. కానీ ఆ చదరం మాత్రం అడుగు వెడల్పే. సరిగ్గా దాని మీదున్నప్పుడే నొక్కమంటే మనిషి వల్ల కాదు.

రమణమ్మ_పోల్‌డైవ్

మైదానంలో కూడా ఎవరూ సరిగ్గా వీపు మీదికొచ్చాక నిర్ణయించుకోరు. రెండడుగుల ముందే మనసులో ఖో పడిపోయి ఉంటుంది, చేయి తర్వాత తగులుతుంది. ఫోన్‌లో కూడా ముందు నొక్కినదాన్ని దాచిపెట్టుకుని, చదరం రాగానే ఇవ్వండి. దాటిపోయిన తర్వాత మాత్రం చాలా తక్కువ వెసులుబాటు ఇవ్వాలి, ఎందుకంటే దాటి వెనక్కి తిరిగి ఇస్తే అది ఫౌల్. ఆటలో ఉన్న ఆ భేదం వేలికి కూడా తెలియాలి.

```gdscript
func kho_target(x, y, dir, side):
    if abs(y) > 1.2:
        return null
    for s in sitters:
        var ahead = (s.x - x) * dir
        if s.facing == -side and ahead > -0.1 and ahead < 0.9:
            return s
    return null
```

అన్నీ మీటర్లలోనే. ముందు 0.9 మీటర్లంటే మీ వేగంలో 150 మిల్లీసెకన్లు. ఇందులో ఎవరైనా దొరికితే ఖో వాడికి రాసిపెట్టేసి, ఛేజర్ వాడి వెనక్కి చేరగానే చేయి తగిలించండి. `abs(y)` గీత నుంచి ఎంత దూరంలో ఉన్నాడో చూస్తుంది. మీ ఆట రుచంతా ఆ ఒక్క వరుసలో ఉందని నా అభిప్రాయం. రన్నర్‌ని తాకాలంటే గీత వదిలి బయటికి పోవాలి, బయటికి పోతే ఖో ఇవ్వడానికి చేయి అందదు. ఎడమ బొటనవేలికి పైకీ కిందికీ జరపడం ఒక్కటే పని ఇవ్వండి. దగ్గరా దూరమా, అంతే.

కరీంనగర్_కిట్టు

మరి ఆగుడెట్ల? ఊకె ఉరుకుతనే ఉంటడా? రన్నర్ ఎదురుంగ నిలవడితే మనోడు గూడ నిలవడి చూస్తడు గద.

సత్యం_మాస్టారు

ఆగవచ్చు. ఆగితే తప్పు లేదు. భుజాలు తిప్పి వెనక్కి అడుగు వేస్తేనే తప్పు.

రమణమ్మ_పోల్‌డైవ్

ఎడమ వేలు వెనక్కి లాగితే నెమ్మదించి ఆగేలా పెట్టవచ్చు. వెనక్కి నడవడు, ఆగుతాడు. అలా చేస్తే పిల్లలకి ఆట పాడైందని అనిపించదు, లాగితే ఏదో ఒకటి జరుగుతోంది కదా.

చిన్నూ_అమ్మ

మంచి ఆట అండి. మా బాబు వయసు ఎనిమిది. యాప్ లింకు పెట్టండి, వేసవి సెలవుల్లో డౌన్‌లోడ్ చేసిస్తాను. ప్రకటనలు రాకుండా ఉంటే బాగుంటుంది.

బాపట్ల_శివ

అమ్మా, ఇంకా కడుతున్నాను, లింకు లేదు. అయ్యాక ఇక్కడే పెడతాను.

రమణమ్మ గారూ, మూడోది మిగిలిపోయింది. లేచినవాడు ఎటు తిరగాలో ఎలా చెప్పాలి? ఇప్పుడు ఖో ఇచ్చినవాడు వెళుతున్న దిక్కుకే వాడూ వెళుతున్నాడు.

రమణమ్మ_పోల్‌డైవ్

అదే ముఖ్యం. ఒక సందర్భం తీసుకుని చూద్దాం.

మీ ఛేజర్ పై పక్కన ఎడమ నుంచి కుడికి వెళుతున్నాడు. రన్నర్ కింది పక్కన 5 దగ్గర, ఎడమవైపుకి వస్తున్నాడు. మీరు 2కి ఖో ఇచ్చారు. 2 కింది పక్కకి లేచి కుడికి ఉరికాడు, రన్నర్‌కి ఎదురెళ్లాడు. రన్నర్ ఏం చేస్తాడు? 3కీ 4కీ మధ్య సందులోంచి పై పక్కకి జారుకుంటాడు. ఆ సందులు వాళ్ల సొత్తు, ఛేజర్‌కి లేవు.

ఇప్పుడు మీ ఛేజర్ కింద ఉన్నాడు, 3కి ఖో ఇవ్వవచ్చు. వెంటనే నొక్కితే 3 పైకి లేచి కుడికి తిరుగుతాడు, రన్నర్ మూరెడు దూరంలో ఉంటాడు. అవుట్. అదే మీ వేలు ఆలస్యమై 3 దాటిపోయిందనుకోండి. తర్వాతి అవకాశం 5. ఈలోగా రన్నర్ పై పక్కన ఎడమవైపుకి తిరిగిపోతాడు. 5 లేచి, మీ కోడ్ ప్రకారం కుడికి పరిగెడితే రన్నర్ వెనక నవ్వుకుంటూ పోతాడు. 5 ఎడమకి తిరిగితేనే వేట సాగుతుంది. అంటే పోల్ దగ్గర తప్ప, దిక్కు మార్చుకోగలిగే ఒకే ఒక్క చోటు ఖో. దాన్ని మీరు ఆటగాడి చేతిలోంచి తీసేశారు.

ఇలా చేయండి. కుడి బొటనవేలు తెరకి తగలగానే ఖో. వేలు ఎత్తకుండా ఎటు జరిపితే కొత్త ఛేజర్ అటు. జరపకపోతే పాత దిక్కే. మనిషి కూర్చున్నచోటి నుంచి లేవడానికి ఎంత లేదన్నా సెకనులో మూడో వంతు పడుతుంది. జరపడాన్ని గుర్తించడానికి మనకి కావలసిన సమయం ఆ లేవడంలోనే దొరుకుతుంది. ఆటగాడికి ఆలస్యమనేదే కనబడదు.

రాయచోటి_రఫీ

ఇది బలే ఉంది అక్కా. నా నేల-బండలో ట్యాపా, స్వైపా అని తేల్చేదానికి వేలు ఎత్తేదాకా ఆగాల్సొచ్చేది. ఆడేవాళ్లకు అంతా లేటుగా తగిలేది.

ఆస్టిన్_అపర్ణ

మొబైల్ గేమ్స్ కంపెనీలో ఇన్‌పుట్ పనే చేస్తాను. శివ గారి రెండో ఫిర్యాదులో నియమాలతో సంబంధం లేని కారణాలు రెండు కనిపిస్తున్నాయి, సరిచూసుకోండి.

గోడాట్‌లో మామూలు `Button` వేలు ఎత్తినప్పుడు పనిచేస్తుంది, తగిలినప్పుడు కాదు. `action_mode` మార్చకపోతే ప్రతి ఖో మీద అదనపు ఆలస్యం పడుతుంది. మనిషి నొక్కి ఎత్తడానికి తేలిగ్గా 80 నుంచి 100 మిల్లీసెకన్లు పట్టవచ్చు. మీ వేగంలో అది ఇంచుమించు అర మీటరు, చదరం మొత్తం దాటిపోతుంది. యూనిటీలో కూడా ఇంతే, `onClick` ఎత్తినప్పుడే వస్తుంది.

రెండోది ఇంకా మోసకారి. ఆ `Button` మౌస్ కోసం కట్టింది. ఎడమ వేలు జాయ్‌స్టిక్ మీద ఉండగా కుడి వేలితో నొక్కితే చాలాసార్లు అసలు పట్టదు. కంప్యూటర్‌లో మౌస్‌తో చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది, ఫోన్‌లో రెండు చేతులతో ఆడితేనే బయటపడుతుంది. ఎడమ వేలు పూర్తిగా తీసేసి ఖో మాత్రమే నొక్కి చూడండి. ప్రతిసారీ పడితే, జబ్బు ఇదే.

బటనే వద్దు. తెర కుడి సగం మొత్తాన్ని ఖో చేయండి. పిల్లలు బటన్ కోసం కిందికి చూడనక్కర్లేదు.

```gdscript
func _input(e):
    if e is InputEventScreenTouch and e.pressed and e.position.x > mid_x:
        kho_finger = e.index
        press_x = e.position.x
        try_kho()
    elif e is InputEventScreenDrag and e.index == kho_finger and rising:
        if abs(e.position.x - press_x) > slide_px:
            rising.dir = sign(e.position.x - press_x)
```

`rising` అంటే ఖో ఎవరికి రాసిపెట్టామో వాడు, ఇంకా పూర్తిగా లేవనివాడు. లేచి అడుగు వేశాక దాన్ని `null` చేసేయండి, అప్పుడు దిక్కు స్థిరపడిపోతుంది. `slide_px` పిక్సెళ్లలో నేరుగా రాయొద్దు. తక్కువ రిజల్యూషన్ తెర మీద 40 పిక్సెళ్లు పెద్ద జరుపు, ఖరీదైన ఫోన్ మీద వేలి వణుకు. `DisplayServer.screen_get_dpi() / 25.4 * 4` అని పెడితే ఏ ఫోన్‌లోనైనా సుమారు 4 మిల్లీమీటర్లే అవుతుంది.

బాపట్ల_శివ

అపర్ణ గారూ, ఎడమ వేలు తీసేసి చూశాను. ఖో ప్రతిసారీ పడుతోంది! ఇన్నాళ్లూ చదరం కొలతల్లోనే వెతుకుతున్నాను. బటన్ పీకేసి మీ పద్ధతికి మారుస్తున్నా.

ఇంకో ప్రశ్న. కోర్టు మొత్తం తెర మీద కనబడాలా, కెమెరా ఛేజర్ వెంట పోవాలా?

ఆస్టిన్_అపర్ణ

మొత్తం కనబడాలి. ఎవరికి ఖో ఇవ్వాలో తెలియాలంటే 8 వరకూ చూపు ఆనాలి కదా. లెక్క కూడా కలిసొస్తోంది. 27కి 16 అంటే పాత 16:9 తెర ఆకారానికి చాలా దగ్గర. ఇప్పటి ఫోన్లు 20:9 ఉంటున్నాయి. ఆరున్నర అంగుళాల ఫోన్‌లో కోర్టుని ఎత్తుకి సరిపెడితే అటు ఇటు సుమారు 1.8 సెంటీమీటర్ల చొప్పున ఖాళీ మిగులుతుంది. బొటనవేళ్లు అక్కడ ఆనితే కోర్టు మీద వేలు అడ్డం పడదు.

చిక్కేమిటంటే మనుషులు చీమలైపోతారు. ఆ కొలతలో ఒక మీటరు అంటే తెర మీద 4 మిల్లీమీటర్లు. బొమ్మల్ని నిజం కొలతకి రెండు మూడు రెట్లు పెద్దగా గీయండి, తాకిడి లెక్క మాత్రం అసలు కొలతలోనే ఉంచండి. చేయి చాచిన ఛేజర్ రన్నర్‌కి తగిలినట్టు కనిపించి అవుట్ కాకపోతే పిల్లలు ఒప్పుకోరు కాబట్టి, తాకే దూరాన్ని బొమ్మకి తగ్గట్టు కొంచెం పెంచాల్సి వస్తుంది. ఎంత అన్నది ఆడించి చూసుకోవాల్సిందే.

అంచు నుంచి లోపలికి జరిపితే ఆండ్రాయిడ్ దాన్ని వెనక్కి వెళ్లే సైగ అనుకుంటుంది. కుడి చివర వేలు పెట్టి ఎడమకి జరపడమంటే సరిగ్గా అదే. ఆట మధ్యలో బయటికి వచ్చేస్తున్నదని ఎవరైనా అంటే ముందు ఇదే చూడండి. ఫుల్‌స్క్రీన్ ఇమ్మర్సివ్ మోడ్‌లో పెట్టి, అంచు దగ్గర కొద్ది మేర వేలు తగిలినా లెక్కలోకి తీసుకోకుండా వదిలేయండి.

కరీంనగర్_కిట్టు

ఫోన్ల మైకు ఉంటది గద. నోటితోని ఖో అని అరిస్తేనే ఖో పడేటట్టు చెయ్. మజా వస్తది.

ఆస్టిన్_అపర్ణ

ఆ మాటను గుర్తుపట్టడానికే ఖో అవకాశం దాటిపోతుంది కిట్టు గారూ. బస్సులో పక్కవాడు ఖో అన్నా పడుతుంది. పైగా పిల్లల ఆటకి మైకు అనుమతి అడిగితే పెద్దవాళ్లు భయపడతారు. ఖో పడ్డప్పుడు ఫోన్ చిన్నగా వణికితే చాలు, సౌండ్ తీసేసి ఆడేవాళ్లకీ తెలుస్తుంది.

సత్యం_మాస్టారు

నాకొక సందేహం. ఇంత సాయం చేస్తే ఫౌల్ ఎక్కడ? దాటిపోయాక నొక్కితే మీ ఆట ఊరికే వదిలేస్తోంది. మైదానంలో అంపైర్ విజిల్ ఊదుతాడు. ఆ ఫౌల్ వల్ల ఎవరైనా అవుటైతే ఆ అవుట్ చెల్లదు. ఆ భయం ఉంటేనే పిల్లలు చూసి ఖో ఇస్తారు. లేకపోతే ఊరికే టపటపా నొక్కుతూ కూర్చుంటారు.

ఆస్టిన్_అపర్ణ

మాస్టారూ, మొదటిసారి ఆడే పిల్లవాడికి విజిల్ మీద విజిల్ పడితే రెండో నిమిషంలో ఆట తీసేస్తాడు. తప్పు చేయలేని విధంగా కట్టడమే మేలు. టపటపా నొక్కేవాడికి శిక్ష ఎలాగూ ఉంది. అవసరం లేని చోట ఖో పడి ఛేజర్ తప్పు పక్కకి వెళ్లిపోతాడు.

రమణమ్మ_పోల్‌డైవ్

నేను మాస్టారి పక్షమే, కానీ పూర్తిగా కాదు. గీత దాటడం, వెనక్కి తిరగడం లాంటివి వేలికి అందకుండా చేయండి. ఆలస్యపు ఖో ఒక్కటి మాత్రం ఫౌల్‌గా ఉంచండి. అదే అసలు ఆటలో మనిషిని ఊరించే తప్పు. చేయి అందుతుందేమో అనిపిస్తుంది, ఇచ్చేస్తాం, విజిల్ పడుతుంది.

సత్యం_మాస్టారు

ఒక్క ఫౌల్‌తో నేను ఒప్పుకోను. అయినా ఆట కట్టేది శివ. ఆయన ఇష్టం.

రాయచోటి_రఫీ

రన్నర్ ఎవరన్నా? కంప్యూటరే ఆడిస్తాదా? నా ఆటలో కంప్యూటర్ దొంగ ఎప్పుడూ దొరికేవాడు కాదు. జనాలు తిట్టినారు.

బాపట్ల_శివ

అవును, ప్రస్తుతం రన్నర్లు కంప్యూటరే. ఛేజర్‌కి దూరంగా పరిగెత్తమని రాశాను. మరీ సులువుగా దొరుకుతున్నారు. ఛేజర్ నుంచి పారిపోతూ పోయి, ఖో అందబోయేవాడి ముందే నిలబడుతున్నారు.

రమణమ్మ_పోల్‌డైవ్

మంచి రన్నర్ ఛేజర్‌ని తక్కువ చూస్తాడు, కూర్చున్నవాళ్లని ఎక్కువ చూస్తాడు. ఛేజర్ వీపు వెనక, ఛేజర్ ఉన్న పక్కనే ఉన్నంతసేపు ఆ ఛేజర్ ఏమీ చేయలేడు. ప్రమాదమంతా అవతలి పక్కన, ఛేజర్ ముందున్న ఖో చదరాల ఎదుట. కాబట్టి దూరం కొలిచేటప్పుడు ఇప్పటి ఛేజర్ నుంచి మాత్రమే కాక, అతను రాబోయే సెకనులో ఎవరిని లేపగలడో వాళ్ల నుంచి కూడా కొలవండి. అలాంటివాళ్లు ఇద్దరికి మించరు, లెక్క బరువేమీ కాదు.

అలా రాశాక రఫీ చెప్పిన జబ్బు వస్తుంది, దొరకనే దొరకరు. అప్పుడు వేగం తగ్గించకండి, అది తెలిసిపోతుంది. చెవిని ఆలస్యం చేయండి. ఖో పడ్డ తర్వాత 250 మిల్లీసెకన్ల వరకూ రన్నర్‌కి పాత ఛేజరే ఉన్నట్టు అనుకోనివ్వండి. సులువు స్థాయిలో 400, కష్టంలో 150. మైదానంలో కూడా మేము అవుటయ్యేది ఆ తేడాలోనే.

కరీంనగర్_కిట్టు

అక్కా, మరి నాకు రన్నర్‌గ ఆడాలని ఉంటే? ఛేజర్‌కు మీరు చెప్పినయి మంచిగనే ఉన్నయి, జాయ్‌స్టిక్ వద్దంటే ఒప్పుకుంటున్న. రన్నర్‌కు మాత్రం కావాలె. వాడు ఎటైనా ఉరుకుతడు.

ఆస్టిన్_అపర్ణ

రన్నర్‌ని కూడా పట్టాల మీద నడపవచ్చు. పక్కకి జరిపితే దిక్కు మారుతుంది, పైకో కిందికో జరిపితే దగ్గరి సందులోంచి అవతలికి దూరిపోతాడు. రెండు సైగలు చాలు.

రమణమ్మ_పోల్‌డైవ్

ఇక్కడ కిట్టు చెప్పిందే నాకు నచ్చింది. రన్నర్ ఆట వంకర్లలో ఉంటుంది, సందులో దూరబోయినట్టు నటించి ఆగిపోవడంలో ఉంటుంది. పట్టాల మీద పెడితే ఆ నటన పోతుంది. రెండు జట్లకి వేరువేరు కంట్రోల్స్ ఉంటే పిల్లలు తికమకపడతారని అపర్ణ గారు అనవచ్చు, అదీ నిజమే.

బాపట్ల_శివ

ముందు ఛేజర్ ఒక్కటే విడుదల చేస్తాను. రన్నర్ తర్వాత. ఒక టర్న్ ఎంతసేపు ఉంచాలి? పాత పద్ధతిలో 9 నిమిషాలు, లీగ్‌లో 7. ఫోన్‌లో రెండూ ఎక్కువే. ముగ్గురు రన్నర్ల ఒక బ్యాచ్, 90 సెకన్లు అనుకుంటున్నాను.

నటన అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఛేజర్ కూడా ఖో ఇస్తున్నట్టు చేయి ఊపి ఇవ్వకుండా పోతాడు కదా. వేలు తగలగానే ఖో పడిపోతే ఆ ఉత్తుత్తి ఖో ఎలా పెట్టాలి?

రమణమ్మ_పోల్‌డైవ్

కిందికి జరిపితే ఖో రద్దు అని పెట్టవచ్చేమో. ముందే నొక్కితే ఖో రాసిపెట్టుకుంటున్నాం కదా, చేయి తగిలేలోపు 150 మిల్లీసెకన్లు ఉంది. అంత తక్కువలో పిల్లలు రద్దు చేయగలరా అన్నది నాకు అనుమానమే.

సత్యం_మాస్టారు

ఊపినంత మాత్రాన ఖో కాదు, చేయి తగిలి నోటితో ఖో అనాలి. ఉత్తుత్తి చేయికి వేరే బటన్ పెట్టినా నియమం అడ్డురాదు.

రాయచోటి_రఫీ

మళ్లీ బటనా మాస్టారూ!

కరీంనగర్_కిట్టు

ఎడమ బొటనవేలికి పని తక్కువనే ఉన్నది గద, దానితోని రెండుసార్లు టకటక కొడితే చెయ్యి ఊపుతడు. శివన్నా, గట్ల పెట్టి టెస్ట్ ఫైల్ ఇక్కడ వెయ్, మా గల్లీ పోరగాళ్లతోని ఆడిపిస్త. పాత ఫోన్లే ఉన్నయి మా దగ్గర, లేట్ ఎంతైతదో గదాంట్లనే తెలుస్తది.

బాపట్ల_శివ

పాత ఫోన్లే కావాలి కిట్టూ. ఆలస్యపు ఖో ఫౌల్‌ని సెట్టింగ్స్‌లో పెట్టి, ఆఫ్ చేసి పంపుతాను. సగం మందికి ఆన్ చేసి ఆడించు. ఎవరు ఎక్కువసేపు ఆడారో చూసి చెప్పు.

చిన్నూ_అమ్మ

టెస్ట్ ఫైల్ అంటే అదే యాప్ కదండీ? మాకు కూడా పంపండి.